కీప్యాడ్ ఫోన్‌లోకి నంబర్లు: సిమ్‌లో పేరుకు దొరికే చోటు ఎంత?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగులో రాసుకున్న ‘వెంకటేశ్వర్లు’ అనే పేరును సిమ్ కార్డులోకి పంపబోతే చాలాసార్లు అది ఎక్కదు. కొన్ని ఫోన్లు ‘వెంకటే’ దగ్గర కోసేసి ఎక్కిస్తాయి. అదే పేరును బ్లూటూత్‌లో పాత కీప్యాడ్ ఫోన్‌కు పంపితే తెర మీద `à°µ` లాంటి గుర్తులు వరుసగా రావచ్చు, డబ్బాలు రావచ్చు, లేదా పేరు ఖాళీగా ఉండి నంబరు ఒక్కటే రావచ్చు. ఫోన్ పాడైందనో, సిమ్ చెడిపోయిందనో అనుకుని రీచార్జ్ షాపుకి పరిగెత్తాల్సిన పని లేదు. రెండు దారులకూ కొలతలు ముందే ఖరారై ఉన్నాయి. స్మార్ట్‌ఫోన్‌లో ఇష్టమొచ్చినట్టు రాసుకున్న పేరు ఆ కొలతల్లో ఇమడకపోవడం వల్లే ఇదంతా జరుగుతుంది. కొలత తెలిస్తే పేరును ముందే సరిచేసుకోవచ్చు.

ముందు సిమ్ సంగతి. ఇరవైకి మించి నంబర్లు పంపాలంటే అదే తేలిక దారి. బ్లూటూత్ లేని కీప్యాడ్ ఫోన్‌కైతే దాదాపు అదొక్కటే దారి.

సిమ్‌లో ఒక పేరు ఎంత చోటు తింటుంది

సిమ్ కార్డులో నంబర్ల పుస్తకం అంటే ఒకే సైజు గళ్లు వరుసగా ఉన్న ఒక ఫైలు. ప్రతి గడిలో రెండు భాగాలుంటాయి. చివరి 14 బైట్లు నంబరుకు కేటాయించినవి. దాని ముందున్నది పేరుకు. పేరుకు ఎంత చోటివ్వాలో కార్డు తయారు చేయించుకున్న టెలికాం కంపెనీ నిర్ణయిస్తుంది. ఎక్కువగా కనిపించేది 14 బైట్లు, కొన్నింటిలో 18 లేదా 20. గళ్ల సంఖ్య చాలా కార్డుల్లో 250. అంటే మామూలు సిమ్‌లో ఒక మనిషికి దొరికేది పేరుకు 14, నంబరుకు 14, మొత్తం 28 బైట్లు. అంతకు మించి ఏమీ లేదు. ఫొటో, పుట్టినరోజు, అడ్రస్ పెట్టడానికి ఆ గడిలో జాగా లేదు కాబట్టి అవి సిమ్‌లోకి వెళ్లవు. ఒకే మనిషికి రెండు నంబర్లుంటే కొన్ని ఫోన్లు అదే పేరుతో రెండు గళ్లు నింపుతాయి, కొన్ని మొదటి నంబరు మాత్రమే రాసి రెండోదాన్ని చెప్పకుండా వదిలేస్తాయి.

నంబరు వైపు ఇబ్బంది తక్కువ. ఒక బైటులో రెండు అంకెలు పడతాయి, అంకెలకు పది బైట్లున్నాయి కాబట్టి 20 అంకెల దాకా సరిపోతుంది. ముందున్న `+` గుర్తుకు విడిగా ఒక బైటు ఉంది. `+91` తో మొదలయ్యే పన్నెండంకెల నంబరు నిశ్చింతగా కూర్చుంటుంది.

చిక్కంతా పేరు దగ్గరే. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఒక అక్షరానికి ఒక బైటు, అంటే 14 అక్షరాలు, మధ్యలో ఖాళీలతో కలిపి. తెలుగు సిమ్ వాడే మూల అక్షరాల పట్టికలో లేదు. అందుకని ఫోన్ మొదటి బైటులో `80` అనే గుర్తు పెట్టి, అక్కడి నుంచి ఒక్కో యూనికోడ్ గుర్తుకు రెండేసి బైట్లు వాడుతుంది. 14లో ఒకటి గుర్తుకు పోగా మిగిలిన 13లో ఆరు గుర్తులే పడతాయి. ఇక్కడ గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. గుణింతం, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘వెంకటేశ్వర్లు’లో వ, ఎత్వం, సున్న, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము కలిపి మొత్తం 13. మొదటి ఆరూ లెక్కపెడితే సరిగ్గా ‘వెంకటే’ దగ్గర ఆగుతుంది.

నిజానికి సిమ్ ప్రమాణంలో తెలుగుకు ఇంతకన్నా మంచి ఏర్పాటే ఉంది. మొదటి బైటు `81` అయితే, మూడు బైట్ల ముందుమాట తర్వాత ఒక్కో గుర్తుకు ఒకే బైటు సరిపోతుంది. ఒకే 128 గుర్తుల బ్లాకులో ఇమిడే లిపులకు ఇది పనికొస్తుంది, యూనికోడ్‌లో తెలుగు సరిగ్గా `0C00` నుంచి `0C7F` దాకా ఉన్న 128 చోట్లలోనే ఉంది. ఆ లెక్కన 14 బైట్లలో ఆరు బదులు 11 గుర్తులు పడతాయి, ‘వెంకటేశ్వర్’ వరకూ వచ్చేస్తుంది. కానీ పేరు రాసే ఫోన్ ఆ పద్ధతి వాడాలి కదా. ఆండ్రాయిడ్ మూల కోడ్ ఇలాంటి పేర్లకు `80` పద్ధతినే వాడుతుంది, పేరు పట్టకపోతే రాయడమే మానేస్తుంది. ఇంకా పాత ఆండ్రాయిడ్‌లైతే పట్టికలో లేని ప్రతి గుర్తుకూ బదులు ఒక ఖాళీ పెట్టేవి. సిమ్‌లో నంబరుండి పేరు లేకుండా కనిపించే గళ్లు చాలావరకు అలా వచ్చినవే. కోట్ల మంది తెలుగువాళ్ల పేర్లకు పనికొచ్చే ఏర్పాటు ప్రమాణంలో ఉండి కూడా వాడుకలోకి రాకపోవడం బాధ కలిగించే విషయం.

ఈ లెక్క ఇంగ్లిష్‌లో రాసుకున్న పేర్లనూ ఒకచోట దెబ్బ తీస్తుంది. పేరులో మూల పట్టికలో లేని గుర్తు ఒక్కటి ఉన్నా పేరు మొత్తం రెండు బైట్ల పద్ధతికి మారిపోతుంది. `Amma` కు నాలుగు బైట్లు చాలు. దాని పక్కన ఒక ఖాళీ వదిలి ఎర్ర గుండె బొమ్మ పెడితే, గుండెకు ఒక గుర్తు, దాన్ని రంగు బొమ్మగా చూపించే కనబడని గుర్తు ఇంకొకటి, ఖాళీ ఒకటి కలిపి ఏడు అవుతాయి. పట్టేది ఆరే. ‘కొన్ని కాంటాక్ట్‌లు కాపీ కాలేదు’ అని ఫోన్ చెప్పినప్పుడు ముందుగా వెతకాల్సింది ఎమోజీ ఉన్న పేర్లనే.

సిమ్‌కు సరిపోయే పేర్లు

కాబట్టి సిమ్ దారిలో వెళ్లేటప్పుడు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, 14 లోపు రాసుకోవడమే సరైన పని. గుర్తుపట్టే మాట ముందుండాలి. `Srinivasa Rao Guntur`, `Srinivasa Rao Tenali` అని ఇద్దరున్నారనుకుందాం. `Srinivasa` తొమ్మిది, ఖాళీ పది, `Rao` తో పదమూడు, మళ్లీ ఖాళీ పద్నాలుగు. కోసేసే ఫోన్‌లో ఇద్దరూ `Srinivasa Rao` గానే మిగులుతారు. ఎవరికి ఫోన్ వెళ్తుందో నొక్కేవాళ్లకు తెలియదు. `Srinu Guntur`, `Srinu Tenali` అని మార్చితే పన్నెండేసి అక్షరాల్లో ఇద్దరూ విడివిడిగా ఉంటారు. కీప్యాడ్ ఫోన్‌లో పేరు వెతకడం మొదటి అక్షరంతోనే జరుగుతుంది కాబట్టి, వాడే మనిషి నోటికి ముందు ఏ మాట వస్తుందో దాన్నే ముందు పెట్టాలి. అమ్మమ్మకు ఆయన ‘తెనాలి బాబాయి’ అయితే `Tenali Babai` అని రాయాలి, ఆధార్ కార్డులో ఉన్నట్టు కాదు.

చేతిలో ఉన్న సిమ్ 14దా, 18దా అన్నది చూసి చెప్పలేం. తేల్చుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. సిమ్‌ను కీప్యాడ్ ఫోన్‌లో పెట్టి, కొత్త పేరును సిమ్ మెమరీలో సేవ్ చేస్తూ `ABCDEFGHIJKLMNOPQRSTUVWXYZ` అని కొట్టాలి. ఎక్కడ ఇక కొట్టనివ్వకుండా ఆగిందో, లేదా సేవ్ అయ్యాక ఎక్కడ తెగిందో చూస్తే చాలు. `N` దగ్గర ఆగితే 14, `R` దగ్గర ఆగితే 18.

రాయడం, ఆ తర్వాత కనబడకపోవడం

కీప్యాడ్ ఫోన్‌లో వాడబోయే సిమ్‌నే కాసేపు స్మార్ట్‌ఫోన్‌లో పెట్టి రాయాలి. గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో సిమ్ నుంచి తెచ్చుకునే వీలుంది తప్ప పేర్లన్నీ సిమ్‌లోకి ఎగుమతి చేసే వీలు చాలావరకు ఉండదు. ఇది తెలియక మెనూలన్నీ వెతికేవాళ్లు చాలామంది. సామ్‌సంగ్ ఫోన్లతో వచ్చే సొంత కాంటాక్ట్స్ యాప్‌లో మాత్రం పేర్ల నిర్వహణ మెనూలో ఎగుమతి కింద సిమ్‌ను ఎంచుకోవచ్చు. మరికొన్ని కంపెనీల సొంత యాప్‌లలోనూ `Export to SIM` లాంటి ఎంపిక కనిపిస్తుంది. ఐఫోన్ సిమ్‌లోని పేర్లను చదువుకోగలదు, రాయలేదు. ఇంట్లో ఉన్నది ఐఫోన్ ఒక్కటే అయితే కాసేపు ఎవరిదైనా ఆండ్రాయిడ్ అడిగి తెచ్చుకోవాల్సిందే.

సిమ్ సైజు దగ్గర జాగ్రత్త కావాలి. ఇప్పటి నానో సిమ్ 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు. పాత ఫోన్ గూడు 25, 15 మిల్లీమీటర్లది. మధ్యలో ప్లాస్టిక్ అడాప్టర్ ఫ్రేము పెట్టక తప్పదు. ఫ్రేములో సిమ్ వదులుగా ఉన్నా, సిమ్ లేని ఖాళీ ఫ్రేమును తోసినా, లోపలి సన్నటి పిన్నులు దానికి తగులుకుని బయటికి లాగేటప్పుడు వంగిపోతాయి. అప్పుడు ఫోన్ ‘సిమ్ పెట్టండి’ అనడం మానదు. ఫ్రేము వెనక, బంగారు రంగు భాగం లేని వైపు, సన్నని టేపు ముక్క అంటిస్తే సిమ్ కదలదు.

రాయడం పూర్తయ్యాక సిమ్ తీసి కీప్యాడ్ ఫోన్‌లో పెడితే పేర్లు కనిపించకపోవచ్చు. చాలాసార్లు కారణం చిన్నదే: ఆ ఫోన్ తన సొంత మెమరీని మాత్రమే చూపిస్తోంది. కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో మెమరీ అన్న చోట ఫోన్, సిమ్, రెండూ అని మూడు ఎంపికలుంటాయి, ‘రెండూ’ పెట్టాలి. ఇంకో కారణం కాస్త లోతైనది. కొత్త కార్డులు కొన్ని 500 పేర్లు పట్టేలా రెండు ఫైళ్లు పెట్టుకుంటాయి. 2జీ కాలపు ఫోన్‌కు మొదటి ఫైలే కనిపిస్తుంది, అందులో పట్టేంత వరకే చూపిస్తుంది. అలాగే కొత్త కార్డుల్లో ఒక పేరుకు అదనపు నంబరు దాచే వీలున్నా, పాత ఫోన్ దాన్ని చదవదు. 250 దాటకుండా, ఒక పేరుకు ఒక నంబరు చొప్పున రాసుకుంటే ఈ రెండు తిప్పలూ ఉండవు.

జియో సిమ్‌కు 2జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి 2జీ ఫోన్‌లో సిగ్నల్ రాదు. అయినా సిమ్‌లోని పేర్లను ఫోన్ చదవగలిగే అవకాశం ఉంది. అలా చదివితే ఆ సిమ్‌ను మోసుకెళ్లే సంచిలా వాడి, పేర్లను ఫోన్ మెమరీలోకి కాపీ చేసి, తర్వాత అసలు వాడే సిమ్ పెట్టుకోవచ్చు. సిమ్ మార్చినప్పుడల్లా పేర్లు పోకుండా ఉండాలన్నా ఫోన్ మెమరీలో ఒక ప్రతి ఉంచుకోవడం మంచిదే, దానికి చివర్లో చెప్పిన ఒక్క ఇబ్బంది చూసుకోవాలి.

బ్లూటూత్ దారి

బ్లూటూత్‌లో పేరు ‘వీకార్డ్’ అనే చిన్న అక్షర ఫైలుగా వెళ్తుంది, `.vcf` దాని తోక. సిమ్‌లో లాగా 14 బైట్ల ఇరుకు ఇక్కడ లేదు. కానీ ఆ ఫైలును అవతలి ఫోన్ ఎలా చదువుతుందో అన్నదే మొత్తం కథ.

కీప్యాడ్ ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేసి, ఇతరులకు కనిపించేలా పెట్టి, స్మార్ట్‌ఫోన్‌తో జత చేయాలి. కోడ్ అడిగితే `0000` లేదా `1234` పనిచేయవచ్చు. తర్వాత స్మార్ట్‌ఫోన్‌లో ఒక పేరు తెరిచి, షేర్, బ్లూటూత్ అని నొక్కి ఆ ఫోన్‌ను ఎంచుకుంటే చాలు. జత కుదిరినా పంపడం వెంటనే విఫలమైతే, ఆ కీప్యాడ్ ఫోన్ బ్లూటూత్ హెడ్‌సెట్లకు మాత్రమే ఇచ్చినదై ఉండొచ్చు. ఫైళ్లు అందుకునే సదుపాయం వేరు. కొన్ని ఫోన్లు మెమరీ కార్డు లేకపోతే ఏ ఫైలూ తీసుకోవు. తీసుకున్నా కాంటాక్ట్స్‌లో చేర్చకుండా ‘రిసీవ్డ్’ ఫోల్డర్‌లో పడేస్తాయి, అక్కడ తెరిచి ఆప్షన్స్‌లో సేవ్ నొక్కాలి. ఐఫోన్ మాత్రం బ్లూటూత్‌లో ఇలాంటి ఫైలును వేరే ఫోన్‌కు పంపదు.

స్మార్ట్‌ఫోన్‌లో యాభై పేర్లు ఎంచుకుని షేర్ చేస్తే యాభై కార్డులూ ఒకే ఫైలులో కుట్టి వెళ్తాయి. పాత ఫోన్లు చాలావరకు ఒక ఫైలులో ఒక కార్డే ఉంటుందని అనుకుంటాయి. మొదటి పేరు మాత్రమే ఎక్కి, మిగతా నలభై తొమ్మిదీ మాయమవుతాయి. ఎర్రర్ కూడా రాదు. కాబట్టి పేరుకొక ఫైలు ఉండాలి.

వీకార్డ్‌కు రూపాలు మూడున్నాయి: 1996 నాటి 2.1, 1998 నాటి 3.0, 2011 నాటి 4.0. పాత కీప్యాడ్ ఫోన్‌కు బాగా అర్థమయ్యేది 2.1. గూగుల్ కాంటాక్ట్స్ వెబ్‌సైట్ నుంచీ, ఐఫోన్ నుంచీ దింపుకున్నవి 3.0లో ఉంటాయి. 2.1లో ఇంగ్లిష్ కాని పేరు పక్కన ఏ సంకేతంలో రాశారో చెప్పే మాట ఉంటుంది. 3.0లో అది ఉండదు, నేరుగా యూటీఎఫ్-8 అక్షరాలే ఉంటాయి. చదివే ఫోన్ వాటిని పాశ్చాత్య అక్షరాలుగా పొరబడితే, మూడు బైట్ల ‘వ’ కాస్తా `à°µ` అయిపోతుంది. అంటే ఆ గుర్తులు కనిపిస్తే పేరు పోలేదు, చదివిన తీరు తప్పు. డబ్బాలు కనిపిస్తే కథ వేరు: పేరు సరిగానే చేరింది, ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదు. దానికి ఫైలు మార్చినా లాభం లేదు.

2.1లో తెలుగు పేరుకు ఇంకో గండం ఉంది. ఒక్కో గుర్తు `=E0=B0=B5` లాగా తొమ్మిది అక్షరాలుగా పరుచుకుంటుంది. ఎనిమిది గుర్తులకే 72 అక్షరాలు. ఒక లైను 76 దాటకూడదన్న నియమంతో ఫోన్ అక్కడ లైను విరిచి, చివర `=` పెడుతుంది. ఆ విరుపును మళ్లీ అతికించడం తెలియని ఫోన్‌లో పేరు సగంలో తెగుతుంది, లేదా కార్డునే తిప్పి కొడుతుంది. చిన్న తెలుగు పేర్లు వచ్చి, పొడుగు పేర్లు మాత్రమే రాకపోతే కారణం ఇదే అయ్యుంటుంది.

వీటన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టేది పేరును ముక్కలు చేసే పద్ధతి. వీకార్డ్‌లో ఇంటిపేరు, పేరు, మధ్య పేరు అని గదులున్నాయి. `Venkata Ramana Mama` అని రాస్తే ఆండ్రాయిడ్ చివరి మాటను ఇంటిపేరు అనుకుని `N:Mama;Venkata;Ramana;;` అని రాస్తుంది. ఇంటిపేరు ముందు చూపే ఫోన్‌లో అది `Mama Venkata Ramana` అవుతుంది, మధ్య గదిని చదవని ఫోన్‌లో రమణ పోతాడు. మామలందరూ `M` కింద, బాబాయిలందరూ `B` కింద గుంపుగా చేరతారు. మన పిలుపుల్లో వరస చివర వస్తుంది కాబట్టి తెలుగిళ్లలో ఇది దాదాపు ప్రతి జాబితాలోనూ జరుగుతుంది. మందు ఒక్కటే: పేరు మొత్తాన్ని ఒకే గదిలో పెట్టడం.

ఫొటో ఉన్న కార్డు వందల లైన్ల పొడవు అవుతుంది, పాత ఫోన్ తిరస్కరించడానికి అదీ ఒక కారణమే. ఐఫోన్, గూగుల్ కార్డుల్లో నంబరు ముందు `item1.` అని ఉంటే కొన్ని ఫోన్లు ఆ లైను మొత్తాన్నే వదిలేస్తాయి, పేరు వచ్చి నంబరు రాదు.

శుభ్రమైన కార్డులు తయారు చేసుకోవడం

ఇన్ని తేడాలను ఒక్కొక్కటిగా సరిచేయడం కన్నా, కావాల్సిన పేర్లతో కొత్త కార్డులు తయారు చేసుకోవడం తక్కువ శ్రమ. ఒక జాబితా ఫైలులో లైనుకొకరు చొప్పున, పేరు, కామా, నంబరు రాయాలి. పేరు పైన చెప్పినట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి, పేరు లోపల కామా గానీ సెమీకోలన్ గానీ ఉండకూడదు.

```
Tenali Babai,+91XXXXXXXXXX
Srinu Guntur,+91XXXXXXXXXX
```

దీన్ని `list.csv` పేరుతో సేవ్ చేసి, లినక్స్‌లో గానీ ఆండ్రాయిడ్‌లోని టెర్మక్స్ యాప్‌లో గానీ ఈ ఆదేశం ఇస్తే పేరుకొక 2.1 ఫైలు తయారవుతుంది:

```
awk -F, '{sub(/\r$/,""); f=sprintf("c%03d.vcf",NR)
printf "BEGIN:VCARD\r\nVERSION:2.1\r\nN:%s;;;;\r\nTEL;CELL:%s\r\nEND:VCARD\r\n",$1,$2 > f
close(f)}' list.csv
```

జాబితాను ఎక్సెల్‌లో చేస్తే నంబర్ల గడిని ముందుగానే టెక్స్ట్‌గా మార్చాలి. లేకపోతే `+` ఎగిరిపోయి, పన్నెండంకెల నంబరు `9.19E+11` లాగా మారి, అలాగే సేవ్ అవుతుంది, చివరి అంకెలు ఇక తిరిగి రావు. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో కనబడని మూడు బైట్లు చేరి, మొదటి పేరు ఒక్కటే వింత గుర్తులతో వస్తుంది. సాదా సీఎస్‌వీ చాలు.

తయారైన ఫైళ్లను ఫైల్ మేనేజర్‌లో ఐదో పదో ఎంచుకుని బ్లూటూత్‌లో షేర్ చేస్తే ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి. కీప్యాడ్ ఫోన్ ప్రతిదానికీ ‘అంగీకరించాలా’ అని అడగవచ్చు, అందుకే ఒకేసారి వంద పంపడం దండగ. మధ్యలో ఒక్క ప్రశ్నకు జవాబు ఆలస్యమైతే ఆ వరస తెగుతుంది, ఎన్ని వెళ్లాయో లెక్క తప్పుతుంది. ముందు ఒకే ఫైలు పంపి, పేరూ నంబరూ సరిగా కూర్చున్నాయని చూసుకుని మిగతావి మొదలుపెట్టాలి. పేర్లు ఎక్కువుంటే ఇదే జాబితాను ఆండ్రాయిడ్‌లోకి తెచ్చుకుని సిమ్‌లో రాయడం మేలు, 14 లోపు పేర్లు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి.

చివరిగా, జాబితాలోని ఒకరిద్దరి చేత కీప్యాడ్ ఫోన్‌కు మిస్డ్ కాల్ ఇప్పించాలి. పేరు రాకుండా నంబరు మాత్రమే మోగితే రెండు చోట్ల చూడాలి. నంబరు ముందు `0` తో గానీ దేశం కోడ్ లేకుండా గానీ సేవ్ అయ్యి ఉంటే కొన్ని ఫోన్లు వచ్చే `+91` నంబరుతో జత కలపలేవు, అన్నింటికీ `+91` పెట్టాలి. అది సరిగానే ఉంటే, అదే నంబరు సిమ్‌లో ఒక పేరుతో, ఫోన్ మెమరీలో ఇంకో పేరుతో ఉందేమో చూడాలి. ఏ పేరు చూపాలో తేల్చుకోలేక కొన్ని ఫోన్లు రెండూ వదిలేసి నంబరే చూపిస్తాయి. సిమ్ నుంచి ఫోన్‌లోకి కాపీ చేశాక మెమరీ సెట్టింగ్‌ను ‘రెండూ’ నుంచి ‘ఫోన్’కు మార్చితే చాలావరకు ఆ తికమక పోతుంది, సిమ్‌లోని ప్రతి మాత్రం అలాగే భద్రంగా ఉంటుంది.